సోమవారం తుడిస్తే బుధవారం దురద

జులైలో నా కనురెప్పలు, చెంపల పక్కభాగం ఎర్రబడి, పొట్టు లేచి, దురద పెట్టడం మొదలైంది. అంతకు ముందు వారమే కొత్త సన్‌స్క్రీన్ కొన్నాను కాబట్టి నేరం దానిమీద వేసి మానేశాను. మూడు వారాలైనా తేడా లేదు. అప్పుడు ఒక నోటుపుస్తకం తీసి రోజుకో పేజీ రాయడం మొదలుపెట్టాను: ముఖానికి ఏం రాశాను, ఏ పూట రాశాను, ఎక్కడ దురద, ఎంత దురద. దురదకు 0 నుంచి 3 వరకు అంకె వేసుకున్నాను.

మంటను, దురదను కలిపి రాయలేదు. ముఖానికి రాసిన నిమిషాల్లోనే చురుక్కుమంటే ఆ వస్తువు చర్మానికి ఘాటైనదని అనుకోవచ్చు. అలర్జీ దారి వేరు. శరీరంలోని రక్షణ కణాలు ఆ పదార్థాన్ని గుర్తుపట్టి చర్మంలోకి చేరడానికి సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజులు పడుతుంది. అందుకే దురద పుట్టిన రోజు పేజీ చూస్తే దొంగ దొరకడు, రెండు రోజులు వెనక్కి వెళ్లాలి.

సెప్టెంబరులో అన్నీ ఆపేశాను. క్రీము, ఫేస్‌వాష్, కాటుక ఏదీ లేదు. మంచినీళ్లు, వాసన కలపని పెట్రోలియం జెల్లీ, అంతే. రెండు వారాలకు ముఖం తేటపడాలి. కొంత తగ్గింది, మళ్లీ లేచింది. ముఖానికి ఏమీ రాయకుండానే దద్దు ఎలా వస్తుందో తెలియక ఆ రాత్రి చాలాసేపు పేజీలు తిప్పుతూ కూర్చున్నాను.

ఇంతలో దసరా సెలవులు వచ్చాయి. బతుకమ్మ రోజుల్లో అమ్మ రోజూ నా చెంపలకు పసుపు రాసింది. ఎంగిలిపూల నుంచి సద్దుల దాకా అంకెలు 2, 1, 0కి దిగాయి. "చూశావా బిడ్డా, పసుపు పనిచేసింది" అంది అమ్మ. నేనూ నమ్మాను. సెలవులు అయ్యాక కూడా పసుపు మానలేదు. అయినా మొదటి సోమవారం కాలేజీకి వెళ్లి వస్తే, బుధవారం పొద్దున కనురెప్పల మీద మళ్లీ 2.

పాత పేజీల్లో 2, 3 అంకెలన్నిటికీ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాను. ఎక్కువ భాగం బుధ, శనివారాల్లోనే పడ్డాయి. రెండు రోజులు వెనక్కి వెళ్తే సోమ, గురువారాలు. పాఠం చెప్పడానికి హనుమకొండ నుంచి పరకాలకు బస్సులో వెళ్లే రోజులు అవి. దుమ్ముకు, చెమటకు దిగగానే ముఖం తుడుచుకునేది నా సంచీలోని తడి వైప్స్‌తో. రెండేళ్లుగా వాడుతున్నాను, అది సౌందర్య వస్తువని తోచక డైరీలో ఒక్కసారి కూడా రాయలేదు. ఎంతకాలం పడినదైనా ఏదో ఒక రోజు పడకపోవచ్చు, పాతదని దాన్ని జాబితాలోంచి తీసేయకూడదు.

అనుమానం సరిపోదు కనుక ముఖం పూర్తిగా తగ్గాక చేతి మీద పరీక్షించాను. ఎడమ ముంజేతి లోపలివైపు రూపాయి బిళ్లంత చోట రోజుకు రెండుసార్లు వైప్ అద్ది కడగకుండా వదిలేశాను. కుడిచేతి మీద అదే చోట పెట్రోలియం జెల్లీ. పది రోజులు అనుకున్నాను, నాలుగో రోజు సాయంత్రానికే ఎడమచేతి మీద ఆ బిళ్ల మేర చిన్న చిన్న ఎర్ర పొక్కులు తేలాయి. కుడిచెయ్యి మామూలుగా ఉంది. వెంటనే ఆపేశాను.

ఈ పద్ధతి ఒంటిమీద ఉంచేసే వాటికే సరిపోతుంది. షాంపూ, సబ్బు లాంటి కడిగేసే వస్తువులను నేరుగా రాసి వదిలేస్తే ఎవరి చర్మమైనా ఎర్రబడవచ్చు. జుట్టు రంగును ఇలా అసలు పరీక్షించకూడదు. కళ్లు వాచినా, ఊపిరి ఆడకపోయినా డైరీ పక్కనపెట్టి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. చేతిమీద ఏమీ రాకపోయినా నిర్దోషి అని చెప్పలేం, కనురెప్ప చర్మం చాలా పలుచన.

తర్వాత మిగతావి వారానికి ఒక్కటి చొప్పున మళ్లీ మొదలుపెట్టాను. సన్‌స్క్రీన్ చివర్లో వచ్చింది. కొన్ని సన్‌స్క్రీన్‌లు ఎండ తగిలితేనే దద్దు తెస్తాయి కాబట్టి అది రాసుకుని వారమంతా ఎండలో కూడా తిరిగి చూశాను. దాని తప్పేమీ లేదు.

పుస్తకం పట్టుకుని చర్మవైద్యురాలి దగ్గరికి వెళ్తే ఆమె నా వీపు మీద ఒక్కో గడిలో ఒక్కో పదార్థం ఉన్న ప్యాచ్ టెస్ట్ పట్టీలు వేశారు. 48 గంటలకు తీసి చూసి, 96 గంటలకు మళ్లీ చూశారు. ఎర్రబడిన గడి మిథైల్‌ఐసోథయాజోలినోన్‌ది. నీళ్లున్న వస్తువుల్లో బూజు, బ్యాక్టీరియా పెరగకుండా కలిపే పదార్థం అది. ఇంటికొచ్చి వైప్స్ ప్యాకెట్ వెనక వెతికితే అదే పేరు చిన్న అక్షరాల్లో కనిపించింది. వంటింట్లో చేతులు కడుక్కునే ద్రవం సీసా మీద కూడా ఉంది. వేళ్ల సందుల్లో పగుళ్లు చలివల్ల అనుకునేదాన్ని. ఆ సీసా తీసేసి, వేళ్లకు డైరీలో కొత్త గడి గీశాను. పరకాల బస్సుకు ఇప్పుడు నూలు చేతిరుమాలు, నీళ్ల సీసా తీసుకెళ్తున్నాను.