ఫిల్లర్ పదాలు తీసేస్తే ఫిర్యాదులే మాయమయ్యాయి: నా అనుభవం

కస్టమర్ల కామెంట్లలో ఏ మాటలు, ఏ పదబంధాలు ఎక్కువగా వస్తున్నాయో లెక్క తీసే పని నిన్ననే ముగిసింది. కోపం ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాస్తున్నాను.

కామెంట్లను పైథాన్‌లోకి తెచ్చుకోవడం తేలికే. మాటలుగా విడగొట్టేటప్పుడు మాత్రం అందరూ వాడే `\w+` తెలుగుకు పనికిరాదు. పైథాన్ `re` గుణింతపు గుర్తుల్ని అక్షరాల కింద లెక్కవేయదు. దాంతో "డెలివరీ" కాస్తా "డ", "ల", "వర" అని ముక్కలవుతుంది. జాబితా పైన ఒంటి అక్షరాలు కనిపిస్తే కారణం ఇదే. ఇలా రాస్తే సరిపోతుంది:

```python
words = re.findall(r"[\u0C00-\u0C7F\u200C]+", text)
```

అసలు తలనొప్పి ఫిల్లర్ పదాల దగ్గర, అంటే సొంతంగా పెద్ద అర్థం లేదని లెక్కలోంచి తీసేసే మాటల దగ్గర వచ్చింది. మా సీనియర్ ఒకరు ఎక్కడిదో ఒక రెడీమేడ్ జాబితా ఇచ్చి, ఇదే వాడాలని పట్టుబట్టారు. కూడా, మరియు, ఉంది, లేదు... అన్నీ అందులో ఉన్నాయి. రిపోర్టులో "సర్వీస్ బాగా" అన్నది మొదటి వరుసలో నిలిచింది. మీటింగ్‌లో అందరూ సంతోషించారు. అప్పుడు కస్టమర్ కేర్ చూసే మేడమ్ అసలు కామెంట్లు తెరిచి, అందరి ముందూ ఒక్కొక్కటే చదివారు. నాకు తల ఎత్తుకోలేనంత అవమానం అనిపించింది.

ఆమె చదివిన వాటిలో ఒకటి చూడండి: "డెలివరీ బాగా లేదు. సర్వీస్ కూడా బాగా లేదు." ఇందులోంచి "లేదు", "కూడా" తీసేస్తే మిగిలేది "డెలివరీ బాగా సర్వీస్ బాగా". తిట్టు మెచ్చుకోలుగా మారిపోయింది! పైగా పక్కపక్క మాటల్ని జతలుగా లెక్కపెడితే "బాగా సర్వీస్" అనే, ఎవరూ రాయని పదబంధం కూడా పుట్టింది. రెండు వాక్యాల మధ్య ఉన్న చుక్కనూ పట్టించుకోలేదు కదా.

రాత్రి కూర్చుని మొత్తం మళ్లీ చేశాను. లేదు, లేవు, కాదు, వద్దు లాంటి వ్యతిరేక పదాలన్నీ ఫిల్లర్ జాబితాలోంచి తీసేశాను. కొందరు "బాగా లేదు" అని, కొందరు "బాగాలేదు" అని రాస్తారు కాబట్టి రెండింటినీ ఒకే మాటగా కలిపాను. ముందు వాక్యాలుగా విడగొట్టి, ఏ మాటా తీయకుండానే రెండేసి, మూడేసి మాటల వరుసలు లెక్కపెట్టాను. ఫిల్లర్‌తో మొదలయ్యేవీ, ఫిల్లర్‌తో ముగిసేవీ ఆ తర్వాతే వదిలేశాను. ఒకే మనిషి ఒకే మాటను పదిసార్లు రాస్తే లెక్క ఉబ్బిపోతుంది, కాబట్టి ఎన్ని కామెంట్లలో వచ్చిందన్నదే చూశాను.

ఈసారి పైకి వచ్చినవి "సర్వీస్ బాగాలేదు", "ఫోన్ ఎత్తడం లేదు". రెడీమేడ్ జాబితా ఎవరిచ్చినా, దాన్ని వాడేముందు మీ కామెంట్లు ఓ యాభై పక్కన పెట్టుకుని ప్రతి పదాన్నీ సరిచూడండి. ఇప్పుడు మా ఆఫీసులో నడుస్తున్నది నా జాబితానే, ఆ సీనియర్ కూడా దాన్నే వాడుతున్నారు.