ఎనిమిదేళ్లు దాటిన బండికి ఎఫ్‌సీ ఏడాదే: నా అనుభవం

తెనాలి నిమ్మకాయల మార్కెట్ నుంచి లోడ్లు తోలే డీజిల్ ట్రాలీ ఒకటి నాకుంది. కొత్తది కొన్నప్పటి నుంచీ నేనే నడుపుతున్నాను. కాగితాల విషయంలో ఏనాడూ అశ్రద్ధ చేసిన వాణ్ని కాదు. అయినా నా బండి ఫిట్‌నెస్ సర్టిఫికెట్, అదే ఎఫ్‌సీ, గడువు దాటి పదకొండు రోజులైన సంగతి నాకు తెలియలేదు. ఓ వ్యాపారి చెన్నై లోడు ఇస్తూ, బండి కాగితాలు వాట్సాప్‌లో పంపమన్నాడు. పంపే ముందు ఒకసారి చూద్దామని mParivahan యాప్‌లో నంబరు కొట్టాను. ఫిట్‌నెస్ తేదీ ఎదురుగా గడువు ముగిసినట్టు కనిపించింది. గుండె జారిపోయింది. ఆ పదకొండు రోజులూ బండి హైవే మీద తిరుగుతూనే ఉంది మరి.

పొరపాటు ఎక్కడ జరిగిందంటే, నాకు రెండేళ్ల లెక్క అలవాటైపోయింది. రవాణా వాహనానికి కొత్తగా కొన్నప్పుడు రెండేళ్ల ఫిట్‌నెస్ ఉంటుంది. 2018లో మారిన కేంద్ర నిబంధన ప్రకారం ఎనిమిదేళ్ల వయసు వచ్చేదాకా ప్రతిసారీ రెండేళ్లకు ఇస్తారు. ఎనిమిదేళ్లు దాటాక మాత్రం ఏడాదికే. నా బండికి ఎనిమిదేళ్లు నిండాక చేయించిన ఎఫ్‌సీ ఏడాదికే వచ్చింది. ఆ కాగితం చేతికిచ్చిన రోజు నేను తేదీ సరిగా చూడలేదు. ఇంకా ఏడాది ఉందనుకుంటూ తిరిగాను. పైగా ఆర్సీలో ఉన్నది నేను ఎప్పుడో మానేసిన ఫోన్ నంబరు. ఏ మెసేజ్ వచ్చినా అది నా దాకా రాదు. ఇప్పుడు ఆ నంబరు మార్పించాను. మీ ఆర్సీలో ఏ నంబరు ఉందో ఇవాళే చూసుకోండి.

బాబాయ్ ముప్పై ఏళ్లు లారీ నడిపినవాడు. ఫోన్ చేసి చెప్పగానే, "ముందు బండి ఇంటి దగ్గర పెట్టెయ్‌రా. ఎఫ్‌సీ లేని బండి రిజిస్ట్రేషన్ లేని బండి కిందే లెక్క" అన్నాడు. ఆయన అన్నది నిజం. మోటారు వాహనాల చట్టం 56వ సెక్షన్ సారం అదే. ఫిట్‌నెస్ లేని రవాణా వాహనానికి చెల్లే రిజిస్ట్రేషన్ ఉన్నట్టు కాదు. అలా పట్టుబడితే 192వ సెక్షన్ కింద మొదటిసారి 2,000 నుంచి 5,000 రూపాయల దాకా జరిమానా పడొచ్చు. దానికంటే నన్ను ఎక్కువ భయపెట్టింది ఇన్సూరెన్స్ సంగతి. ఆ పదకొండు రోజుల్లో ఏదైనా ప్రమాదం జరిగి ఉంటే, ఫిట్‌నెస్ లేదన్న కారణం చూపించి కంపెనీ పేచీ పెట్టేది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

బండి ఇంటి దగ్గర పెట్టినంత మాత్రాన ఆలస్యం లెక్క ఆగదు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 81వ రూలు కింద గడువు దాటిన ప్రతి రోజుకూ 50 రూపాయలు అదనంగా పడుతుంది. బండి రోడ్డు మీద తిరిగినా, ఇంటి ముందు ఆగినా ఒకటే. కాబట్టి తొందరపడాలి. కానీ ఎఫ్‌సీకి వెళ్లాలంటే ముందు ఇన్సూరెన్స్, ట్యాక్స్, పొల్యూషన్ మూడూ అమల్లో ఉండాలి. మొదటి రెండూ ఉన్నాయి. పొల్యూషన్ సర్టిఫికెట్ వారంలో అయిపోతుంది. అది కూడా చేయించేద్దామని పెట్రోల్ బంకు పక్కనున్న వ్యానుకు వెళ్లాను.

డీజిల్ బండికి పొల్యూషన్ పరీక్ష ఎలా చేస్తారో చాలామంది దగ్గరుండి చూడరు. ఇంజిన్ బాగా వేడెక్కాక సైలెన్సర్‌లో గొట్టం పెడతారు. గేరు న్యూట్రల్‌లో ఉంచి, యాక్సిలరేటర్ ఒక్కసారిగా పూర్తిగా తొక్కి వదులుతారు. అలా కొన్నిసార్లు చేసి, పొగ ఎంత చిక్కగా ఉందో సగటు తీస్తారు. బీఎస్-4 డీజిల్ బండికి ఆ అంకె 1.62 దాటకూడదు. నాకు 2.3 వచ్చింది. కుర్రాడు నెమ్మదిగా, "అన్నా, ఇంకో రెండొందలు ఇస్తే పాస్ కొట్టిచ్చేస్తాను" అన్నాడు. వద్దన్నాను. ఎఫ్‌సీ పరీక్షలో పొగ మళ్లీ చూస్తారు, అక్కడ ఫెయిలైతే ఈ కాగితం ఎందుకూ పనికిరాదు. అదొక్కటే కాదు, మా వీధిలో పిల్లలు ఈ బండి వెనకాలే ఆడుకుంటారు. ఆ నల్లపొగ వాళ్లు పీలుస్తున్నారని నాకు ఆ రోజు అంకెలో కనిపించింది.

మెకానిక్ పొగ రంగు చూసే జబ్బు చెప్పాడు. నీలంగా వస్తే ఇంజిన్ ఆయిల్ కాలుతోందని అర్థం, అప్పుడు పని పెద్దది. నల్లగా వస్తే డీజిల్ పూర్తిగా మండడం లేదని. అంటే గాలి చాలడం లేదు, లేదా నాజిల్ సన్నటి తుంపరలా కొట్టడం లేదు. నాది నల్లపొగ. ఎయిర్ ఫిల్టర్ విప్పితే మట్టి కట్టేసి ఉంది. ఊళ్లలో తోటల దారుల్లో తిరిగే బండికి, పుస్తకంలో రాసిన కిలోమీటర్ల దాకా ఆగకుండా ఫిల్టర్ ముందే మార్చాలట. ఫిల్టర్ కొత్తది వేశాడు. నాజిల్స్ విప్పి పంపు షాపులో పరీక్ష చేయించాడు. ఒకటి చుక్కలు కారుతోంది, దాన్ని మార్చాడు. వ్యాను దగ్గరికి వెళ్లే ముందు బండిని హైవే మీద పావుగంట బాగా నడపమన్నాడు. చల్లటి ఇంజిన్‌తో పరీక్షకు నిలబెడితే పొగ ఎక్కువే చూపిస్తుంది. ఈసారి 1.2 వచ్చింది. నంబరు ప్లేటుతో సహా బండి ఫోటో తీసి, సర్టిఫికెట్ ఇచ్చారు. బీఎస్-4, బీఎస్-6 బండ్లకు అది ఏడాది ఉంటుంది, అంతకు ముందు తరం బండ్లకు ఆరు నెలలే.

పొల్యూషన్ లేకుండా తిరిగితే ఏమవుతుందిలే అనుకునేవాళ్లు మా స్టాండులో చాలామంది. 2019 సవరణ తర్వాత 190(2) సెక్షన్ కింద గరిష్ఠ జరిమానా 10,000 రూపాయలు. ఈ మాట అక్కడ ఎంతమందికి చెప్పానో.

తర్వాత ఆన్‌లైన్‌లో ఫీజు కట్టి స్లాటు తీసుకున్నాను. పూర్వం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ చూసి సంతకం పెట్టేవారు. ఇప్పుడు నేను వెళ్లింది యంత్రాలు పరీక్షించే స్టేషన్. చక్రాలను రోలర్ల మీద నిలబెట్టి బ్రేకు ఎంత పట్టుతోందో ఒక్కో చక్రానికీ విడిగా కొలుస్తారు. నా బండి ముందు ఎడమ చక్రం పట్టు కుడిదానికంటే బాగా తక్కువ చూపించింది. తోలేటప్పుడు నాకు ఆ తేడా ఎప్పుడూ తెలియలేదు, కొద్దిగా కుడికి లాగితే రోడ్డు వాలు అనుకునేవాణ్ని. పక్కల ఉండే పసుపు రిఫ్లెక్టర్ స్టిక్కర్లు కూడా వెలిసిపోయాయని రాశారు. ముందు తెలుపు, వెనక ఎరుపు బాగానే ఉన్నాయి.

ఎడమ చక్రం విప్పిస్తే బ్రేకు సిలిండర్ నుంచి ఆయిల్ కారి ప్యాడ్ల మీద పడుతోంది. నిమ్మకాయల బస్తాలతో నిండుగా వెళ్తూ వానలో ఒక్కసారిగా బ్రేకు కొట్టాల్సి వస్తే ఏమయ్యేదో! బాగుచేయించి, స్టిక్కర్లు అతికించి, మళ్లీ ఫీజు కట్టి రెండోసారి వెళ్తే పాసైంది. అప్పటికి గడువు దాటి పందొమ్మిది రోజులు. ఆలస్యం రుసుము 950 రూపాయలు. యాప్‌లో చూసిన రోజు నుంచి ఎనిమిది రోజులు లోడు లేదు, ఆ కిరాయి నష్టం ముందు ఈ 950 చిన్నదే.

ఇప్పుడు బండి ఎఫ్‌సీ, పొల్యూషన్, ఇన్సూరెన్స్ తేదీలు మూడూ డ్రైవర్ తలుపు లోపలివైపు పెయింటుతో రాయించాను. ఎఫ్‌సీ తేదీకి నెల ముందు నిమ్మకాయల సీజన్ తగ్గుతుంది. ఆ వారంలో ఫిల్టర్ మార్చి, నాలుగు చక్రాలూ విప్పించాలని మెకానిక్‌తో ఇప్పుడే మాట్లాడి పెట్టుకున్నాను.