మట్టి కుక్కపిల్ల మిణుకుమంటోంది

పోయిన ఆదివారమంతా కూర్చుని బంకమట్టి కుక్కపిల్లను కొంచెం కొంచెం కదుపుతూ, ఫోన్‌తో ఒక్కో ఫోటో తీస్తూ వీడియోలో నడిపించాను. సెకనుకు 12 ఫ్రేములు, అంటే పది సెకన్లకు 120 ఫోటోలు. ప్లే చేస్తే కుక్క బాగానే నడిచింది కానీ, వెలుగు మాత్రం పాత ట్యూబ్‌లైట్‌లా కొట్టుకుంది!

ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే విషయం తెలిసింది. కుక్క దగ్గరికొచ్చిన కొద్దీ ఫోన్ దానంతటదే వెలుగు పెంచేసింది. కిటికీలోంచి వచ్చే ఎండ ఎటూ మారుతూనే ఉంది. పైగా నేను తెల్ల చొక్కా వేసుకున్నాను. వంగినప్పుడల్లా దాని వెలుగు కుక్క మీద పడింది.

నిన్న మళ్లీ తీశాను. కిటికీకి దుప్పటి కట్టి, రెండు టేబుల్ లైట్లు పెట్టి, నల్ల టీషర్ట్ వేసుకున్నాను. ఫోన్ దానంతటదే మార్చకుండా ఎక్స్‌పోజర్, ఫోకస్, వైట్ బ్యాలెన్స్ లాక్ చేసి షట్టర్ 1/25 సెకను దగ్గర ఉంచాను. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి బల్బు సెకనుకు 100 సార్లు హెచ్చుతగ్గులవుతుంది. 1/25 సెకనులో సరిగ్గా నాలుగు హెచ్చుతగ్గులు పడతాయి, అందుకే ప్రతి ఫోటోలో వెలుగు ఒకేలా వస్తుంది.

ట్రైపాడ్ కాళ్లను నేలకు టేపుతో అంటించి, ఫోన్‌ను ముట్టుకోకుండా ఇయర్‌ఫోన్ బటన్‌తో క్లిక్ చేశాను. ఈసారి మిణుకు లేదు. 87వ ఫోటోలో తోక ఊడింది, అంతే.