అమ్మ ఆల్బమ్‌లోని ఫొటో, బాగాన్ డాతుక్‌లో ఇంటి మీద డిష్

మా అమ్మ దగ్గర ఒక పాత ఫొటో ఉంది. చెక్క ఇంటి ముందు మెట్ల మీద పెద్దమ్మ, ఇద్దరు పిల్లలు, వెనక కొబ్బరిచెట్లు, చూరు పక్కన ఒక చిన్న డిష్, దాని పక్కనే పొడుగు పైపు మీద పాత టీవీ యాంటెన్నా. వాళ్ళు పెళ్ళికి శ్రీకాకుళం వచ్చినప్పుడు మన ఊళ్ళోనే తీశారని అమ్మ అంటుంది, కాదు మా మలేషియా ఇల్లే, ఎనభైల్లో తీసింది అని పెద్దనాన్న అంటాడు. మొన్న పెద్దనాన్నని చూడ్డానికి మలేషియా వెళ్తూ ఆ ఫొటో ఫోన్‌లో పెట్టుకుని వెళ్ళా, ఎందుకంటే డిష్ ఎటు చూస్తోందో తెలిస్తే దేశం తేలిపోతుందని నాకు ముందునించీ అనుమానం.

కౌలాలంపూర్ నించి పెద్దనాన్న వాళ్ళ ఊరు బాగాన్ డాతుక్ వరకు దారి పొడుగునా పామాయిల్ తోటలు, మధ్యలో ఇళ్ళు, ప్రతి ఇంటికీ రెండడుగుల డిష్. నేను తోటలు చూడకుండా డిష్‌లే చూస్తూ కూర్చున్నా. అన్నీ పడమర వైపు, కాస్త దక్షిణంగా వాలి ఉన్నాయి. అక్కడి ఆస్ట్రో టీవీ ప్రసారాలు వచ్చే మీసాట్ ఉపగ్రహం 91.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంటుంది, బాగాన్ డాతుక్ దాదాపు 101 డిగ్రీల మీద, అంటే ఉపగ్రహం వాళ్ళకి పడమర పక్కన, అదీ దాదాపు నడినెత్తిన. లెక్కేస్తే నేల నించి 78 డిగ్రీల ఎత్తు.

మన శ్రీకాకుళం 84 డిగ్రీల దగ్గర ఉంది కదా, మన డీటీహెచ్ ఉపగ్రహాలు 83, 93.5, 95, 108.2 డిగ్రీల దగ్గర ఉన్నాయి. కాబట్టి మన ఇళ్ళ మీద డిష్‌లు దక్షిణం చూస్తాయి, లేదా ఆగ్నేయం చూస్తాయి, పడమర చూసేది ఒక్కటీ ఉండదు.

ఇక్కడ ఒక చిన్న చిక్కుంది. ఈ చిన్న డిష్‌ల కింద నించి ఒక చెయ్యి బయటికొచ్చి చివర రిసీవర్ ఉంటుంది, అందుకని డిష్ పళ్ళెం ఎంత పైకి చూస్తున్నట్టు కనిపిస్తుందో అసలు గురి దానికంటే ఇంకో 25 డిగ్రీలు దాకా పైకి ఉంటుంది. ఫొటోలో పళ్ళెం వాలు చూసి నేరుగా కోణం కొలిస్తే తప్పుతుంది, ఎటు వైపు తిరిగిందన్నదే నమ్మాలి.

పెద్దనాన్న వాళ్ళ పాత చెక్క ఇల్లు ఇప్పుడు లేదు, అదే చోట సిమెంటు ఇల్లు కట్టారు, కానీ వాకిలి తూర్పుకే. మా ఊరి ఇల్లు కూడా తూర్పు ముఖమే! అందుకే ఈ పోలిక కుదిరింది. పొద్దున్నే వాకిట్లో ఫొటో తీసినవాళ్ళు నిలబడ్డ చోట నిలబడి ఫోన్‌లో దిక్సూచి చూశా, నేను పడమర చూస్తున్నా. ఆ చోట నించి మన ఊరి డిష్ అయితే ఎడమ చేతి వైపుకో, లేదా ఎడమగా నా వైపుకో తిరిగి ఉండాలి. ఫొటోలో మాత్రం డిష్ వీపు కనిపిస్తోంది, చెయ్యి అవతలికి పోయి సగం దాక్కుంది. స్కాన్ చేసినప్పుడు ఫొటో తిరగబడిందేమో అని కూడా అనుకున్నా, కానీ తిరగబడితే ఎడమ కుడి మారతాయి గానీ వీపు ముఖం అవ్వదు కదా.

"చెప్పానా, మన ఇల్లే" అని పెద్దనాన్న ఒకటే సంబరం.

కానీ ఎనభైలు అన్న మాట నిలబడలేదు. మొదటి మీసాట్ ఉపగ్రహాన్ని పంపిందే 1996 జనవరిలో, ఆస్ట్రో మొదలైంది కూడా ఆ ఏడే. అంటే ఫొటో అంతకు ముందుది అవ్వడానికి లేదు. ఎప్పటి లోపలిది అంటే డిష్ ఏమీ చెప్పదు, అదే డిష్ ఇరవై ఏళ్ళు అక్కడే ఉండొచ్చు. పక్కనున్న పాత యాంటెన్నా కూడా పెద్ద సాయం చెయ్యలేదు, మలేషియాలో పాత అనలాగ్ టీవీ 2019 దాకా నడిచింది.

ఇంటి వెనక ఇప్పుడు ఒక మొబైల్ టవర్ ఉంది, ఫొటోలో లేదు. దాన్ని పట్టుకుని తేదీ చెప్పొచ్చనుకున్నా, కానీ ఫొటో అంచు సరిగ్గా ఆ చోటే ఆగిపోయింది, కాబట్టి వదిలేశా. కనిపించేది సాక్ష్యం అవుతుంది, కనిపించనిది ఫ్రేమ్ బయట ఉందేమో అని ముందు చూసుకోవాలి. ఆ టవర్ మీద పొడుగు సన్నటి పలకల మధ్య పొట్టి, మందపాటి పెట్టెలు రెండున్నాయి, అవి 5జీవి. మలేషియాలో 5జీ మొదలైంది 2021 డిసెంబర్‌లో. నేను తీసిన ఫొటో ఎప్పటిదో రేపు ఎవరైనా వెతికితే వాళ్ళకి ఆ పెట్టెలు పనికొస్తాయి.

చివరికి సంవత్సరం చెప్పింది పెద్దమ్మ. ఫొటోలో చిన్నోడు వేసుకున్నది బడి యూనిఫాం, కొత్తది, మొదటి రోజు అని గుర్తు పట్టింది. అక్కడ ఏడేళ్ళకి ఒకటో తరగతి, వాడు పుట్టింది 1991, అంటే 1998. డిష్ గీసిన గీత దాటి రెండేళ్ళే. అమ్మకి ఫోన్ చేసి చెబితే కాసేపు ఒప్పుకోలేదు, తర్వాత ఫొటో వెనక పెన్సిల్‌తో రాసుకుంటా, ఇంకోసారి చెప్పు అంది.