హోమ్ లోన్ టేకోవర్: 12వ నెల కాస్తా 14వ నెల ఎలా అయింది

విజయనగరంలో ఇంటి మీదున్న లోన్‌ని నిన్ననే పూర్తిగా వేరే బ్యాంకుకి మార్చుకున్నాను. మార్చడానికి పెట్టిన ఖర్చు 12వ నెలకే తిరిగి రావాల్సింది, 14వ నెలకి జరిగింది. ఆ లెక్కలింకా బుర్రలో ఉండగానే రాసేస్తున్నాను.

మిగిలిన అసలు 24 లక్షలు, గడువు 15 ఏళ్లు. పాత వడ్డీ 9.40 శాతం, కొత్తది 8.10. రెండూ రెపోకి, అంటే ఆర్‌బీఐ బ్యాంకులకి అప్పిచ్చే వడ్డీకి, ముడిపడ్డవే. తేడా అంతా రెపో మీద బ్యాంకు వేసుకునే స్ప్రెడ్‌లోనే ఉంది. కాబట్టి రేపు రెపో పెరిగినా తగ్గినా రెండూ కలిసే కదులుతాయి, ఈ 1.30 తేడా అలాగే ఉంటుంది.

ఖర్చులు ఇవి. ప్రాసెసింగ్ ఫీజు జీఎస్టీతో 7,080. లాయరు ఒపీనియన్, వాల్యుయేషన్ కలిపి 6,500. డాక్యుమెంట్లు తాకట్టు పెట్టినట్టు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో చేయించే ఎంఓటీడీకి స్టాంపు డ్యూటీ 12,000, రిజిస్ట్రేషన్ 2,400. ఆస్తి మీదున్న తాకట్టులు చూపే ఈసీ, జిరాక్సులు వగైరా 1,420. మొత్తం 29,400. ఫ్లోటింగ్ రేటు కాబట్టి పాత బ్యాంకు ముందే తీర్చినందుకు ఛార్జీ వెయ్యకూడదు, వెయ్యలేదు కూడా.

ఈ ఖర్చు ఏ నెలకి తిరిగొస్తుందో చూసేటప్పుడు చాలామంది ఈఎంఐ తేడాతో భాగిస్తారు. పాత ఈఎంఐ 24,917, అదే 15 ఏళ్లకి కొత్తది 23,074. తేడా 1,843. ఆ లెక్కన 16 నెలలు. ఈ లెక్క తప్పు. మొదటి నెలలో నిజంగా తగ్గే వడ్డీ 24 లక్షల మీద 1.30 శాతం, అంటే నెలకి 2,600. ఈఎంఐలో కనపడని మిగతా 757 అసలులోకి పోతోంది, అదీ మన డబ్బే. అసలు తగ్గేకొద్దీ ఈ ఆదా నెలకి ఆరేడు రూపాయల చొప్పున తగ్గుతుంది. అది కూడా తీసేస్తే 29,400 తిరిగొచ్చేది 12వ నెలలో.

గడువు విషయంలో గట్టిగా ఉండాలి. కొత్త బ్యాంకు 20 ఏళ్లు రాయించుకోమంది, ఈఎంఐ 20,224కి దిగుతుందని ఊరించింది. 240 నెలలు కడితే 48.5 లక్షలు దాటుతుంది. పాత లోన్‌లో ఉండిపోయినా మొత్తం కట్టేది 44.85 లక్షలే. వడ్డీ తగ్గించుకోడానికి వెళ్లి మూడున్నర లక్షలకు పైగా ఎక్కువ కట్టడమన్నమాట.

టేకోవర్ అనగానే పాత బ్యాంకు మేల్కొని, 5,900 కడితే 8.60కి తగ్గిస్తానంది. అన్నాళ్లూ అడగనిదే చెప్పలేదు, అది నాకింకా మంటే. కానీ అసలు పోలిక దీనితోనే చెయ్యాలి. 8.60కీ 8.10కీ తేడా నెలకి 1,000, అదనపు ఖర్చు 23,500. అది తిరిగొచ్చేది 25వ నెలలో. రెండేళ్లలో ఇల్లు అమ్మేవాళ్లకి ఆ 5,900 కట్టడమే మేలు. నాకు 15 ఏళ్లుంది కాబట్టి మారాను.

దెబ్బతిన్నది పాత లోన్ తీర్చడానికి కొత్త బ్యాంకు ఇచ్చే డీడీ దగ్గర. లోన్ పూర్తిగా తీర్చాలంటే ఎంత కట్టాలో చెబుతూ పాత బ్యాంకు ఇచ్చిన ఫోర్‌క్లోజర్ లెటర్‌లో రాసిన మొత్తం 14వ తేదీ వరకే చెల్లుతుంది. లాయరు ఒపీనియన్ ఆలస్యమై, డీడీ చేతికొచ్చింది 17న. పాత లోన్ మీద రోజుకి వడ్డీ 618, మూడు రోజులకి 1,854 తక్కువ. పాత బ్యాంకు బ్రాంచిలో డీడీ తీసుకున్నారు, ఏమీ అనలేదు. తొమ్మిది రోజుల తర్వాత డాక్యుమెంట్ల కోసం వెళ్తే, లైనులో పదిమంది ముందు ఆఫీసరు గట్టిగా, "మీ లోన్ క్లోజ్ అవలేదండీ, బాకీ ఉంది" అన్నాడు. వైజాగ్‌లోని లోన్ సెంటర్‌లో, మొత్తం సరిపోలేదని 24 లక్షల డీడీని లోన్‌లో జమ చెయ్యకుండా పక్కన పెట్టేశారు. ఫోన్ చేసి చెప్పిన మనిషి లేడు. ఆ 1,854 ఎలాగూ కట్టాల్సిందే, దాని గురించి బాధ లేదు. కానీ ఆ తొమ్మిది రోజులూ రెండు బ్యాంకుల్లోనూ వడ్డీ నడిచింది. కొత్త బ్యాంకులో రోజుకి 533 చొప్పున 4,793 ఊరికే పోయింది. ఖర్చు 34,193కి చేరి, 12వ నెల 14వ నెల అయింది.

అందుకని డీడీ తీసే రోజు పొద్దున్నే ఆ తేదీకి ఎంత కట్టాలో కొత్తగా రాయించుకోండి. ఈఎంఐ పోయే సేవింగ్స్ ఖాతాలో పదిరోజుల వడ్డీకి సరిపడా, నాకైతే 6,200, ఉంచి, తక్కువైతే అందులోంచి తీసుకోమని లెటర్ ఇచ్చి, కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. మర్నాడే యాప్‌లో పాత లోన్ బ్యాలెన్స్ చూడండి. సున్నా కనపడకపోతే ఆ పూటే వెళ్లండి.

పూర్తిగా తీరాక 30 రోజుల్లో ఒరిజినల్ డాక్యుమెంట్లు ఇవ్వాలని, బ్యాంకు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 కట్టాలని 2023 డిసెంబరు నుంచి ఆర్‌బీఐ నిబంధన ఉంది. ఆ మాట పాత బ్యాంకుకి లెటర్‌లో రాశాక నావి నాలుగు రోజుల్లో వచ్చాయి. ఒక్కో కాగితం పాత ఎల్‌ఓడీతో, అంటే బ్యాంకు దగ్గరున్న డాక్యుమెంట్ల జాబితాతో, సరిచూసుకున్నాకే సంతకం పెట్టాను. నిన్న కొత్త ఎంఓటీడీ అయింది. పాత తాకట్టు రద్దయినట్టు ఎక్కిందో లేదో చూడ్డానికి వచ్చే వారం ఈసీ తీయించాలి.