చెల్క నేల కోర్‌లో నీటి వేగం కొలిచిన అనుభవం

ఎమ్మెస్సీ పరిశోధనలో భాగంగా చెల్క నేల నుంచి ఇత్తడి ఉంగరాలతో ఆరు కోర్లు, అంటే చెదరని మట్టి నమూనాలు తీసి, స్థిర నీటిమట్టం పర్మియామీటర్‌పై సంతృప్త జలవాహకత, అంటే పూర్తిగా తడిసిన మట్టిలోంచి నీరు దిగే వేగం, కొలవవలసి వచ్చింది. ఒక్కో ఇత్తడి ఉంగరం 5 సెంటీమీటర్ల ఎత్తు, 5 సెంటీమీటర్ల లోపలి వ్యాసం కలది; అంటే నీరు ప్రవహించే వైశాల్యం 19.6 చదరపు సెంటీమీటర్లు.

మొదటి కోర్‌ను తొందరపడి నేరుగా నీళ్లలో ముంచేశాను. నీరు పైనుంచీ కిందనుంచీ ఒకేసారి చొరబడడంతో లోపలి గాలికి బయటికి దారి లేకపోయింది. కొలిస్తే గంటకు 0.6 సెంటీమీటర్లే వచ్చింది, పైగా మర్నాడు అదే కోర్ మరికొంత ఎక్కువ చూపింది. చిక్కుకున్న గాలి నీటిలో మెల్లగా కరుగుతున్నకొద్దీ విలువ పెరుగుతుందని అప్పుడు అర్థమైంది. ఆ తర్వాత మిగిలిన కోర్ల అడుగున పలుచని గుడ్డ కట్టి, పళ్లెంలో ముందు ఒక సెంటీమీటరు నీరు మాత్రమే పోసి, దాదాపు రెండు రోజులపాటు మట్టాన్ని అంచెలంచెలుగా పెంచాను. నీటిని ముందే మరిగించి చల్లార్చాను, ఎందుకంటే కుళాయి నీటిలో కరిగి ఉన్న గాలి కూడా రంధ్రాలలో బుడగలుగా తేలుతుంది.

కోర్ పైన ఇంకో ఉంగరం అతికించి, నీటిమట్టం మట్టి పైభాగం కంటే 3 సెంటీమీటర్ల ఎత్తున నిలిచేలా చేశాను. అడుగు నుంచి కారే నీరు గాలిలోకే పడుతుంది కనుక మొత్తం మట్టం తేడా 3 కాదు, కోర్ ఎత్తు కలుపుకుని 8 సెంటీమీటర్లు. ఈ సంగతి నేను ఒకసారి మరచిపోయి లెక్క మొత్తం తిరగరాశాను. రెండో కోర్‌లో 30 నిమిషాలకు 20 మిల్లీలీటర్లు వచ్చాయి. వరుసగా మూడుసార్లు దాదాపు అంతే వచ్చాకే లెక్కలోకి తీసుకున్నాను. ఇందులో K జలవాహకత, Q కారిన నీరు, L కోర్ ఎత్తు, A వైశాల్యం, t గంటల్లో సమయం, ΔH మట్టం తేడా:

K = Q·L / (A·t·ΔH) = 20 × 5 / (19.6 × 0.5 × 8) ≈ 1.3 cm/h

నాలుగో కోర్ మాత్రం పది నిమిషాల్లోనే 100 మిల్లీలీటర్లు వదిలింది, అంటే గంటకు 19 సెంటీమీటర్లు. వానపాము బొరియ దొరికిందని సంబరపడ్డాను. నమ్మకం కుదరక, పైన మిథిలీన్ బ్లూ కలిపిన నీరు పోసి, కారిన తర్వాత మట్టిని బయటికి తోసి నిలువుగా కోశాను. మట్టి మధ్యలో నీలం అర సెంటీమీటరు కూడా దిగలేదు. ఉంగరం గోడకు ఆనిన ఒక పక్కన మాత్రం పైనుంచి కిందికి సన్నని నీలి పట్టీ ఉంది. ఆ కోర్‌ను నేల బాగా ఎండి ఉన్నప్పుడు సుత్తితో కొట్టి దింపాను. గట్టి మట్టి అదిరి, గోడకూ మట్టికీ మధ్య సందు పడిందన్నమాట.

దాన్ని తీసేసి, పొలం తడిసిన రెండు రోజులకు అదే చోట మరో కోర్ తీశాను. అది గంటకు 1.7 సెంటీమీటర్లు చూపింది.