నా అనుభవం: పందిపిల్లలకు ఐరన్ సూది, సీసా మీది చిన్నక్షరాలు

ఈత సజావుగానే అయింది. పిల్లలు పది, అన్నీ తెల్ల యార్క్‌షైర్ రకం. జున్నుపాలు తాగాయి, బొడ్లకు అయోడిన్ పెట్టాం. మూడో రోజు వేయాల్సిన ఐరన్ సూది కోసం మందుల షాపుకెళ్తే అక్కడ మొదలైంది తలనొప్పి.

కౌంటర్ దగ్గరి కుర్రాడు ఐరన్ డెక్స్‌ట్రాన్ సీసా చేతిలో పెట్టి, "పిల్లకి ఒక ఎమ్మెల్ అన్నా, అందరూ అంతే వేస్తారు" అన్నాడు. సీసా తిప్పి చూస్తే మిల్లీలీటరుకి 50 మిల్లీగ్రాములు అని ఉంది. పిల్లకి పడాల్సింది 200. అంటే అతను చెప్పింది నాలుగో వంతు. ఆ మాటే అంటే, "పందులక్కూడా ఇన్ని లెక్కలా" అని పక్కనున్న నలుగురితో కలిసి నవ్వాడు. ఆవు దూడకైతే ఈ నవ్వు నవ్వరు. పంది పెంచేవాడంటే అందరికీ లోకువే.

నవ్వినా సరే, లెక్క మాత్రం లెక్కే. పందిపిల్ల పుట్టేటప్పుడు ఒంట్లో దాచుకుని వచ్చే ఇనుము 50 మిల్లీగ్రాముల చుట్టుపక్కల ఉంటుంది. రోజుకు దానికి 7 దాకా కావాలి. తల్లి పాల నుంచి వచ్చేది రోజుకు ఒక మిల్లీగ్రాము. తల్లికి ఐరన్ టానిక్ పోస్తే పాలల్లోకి దిగుతుందని కొందరు చెబుతారు. దిగదు. కడుపులో ఉన్నప్పుడు కూడా పిల్లకు పెద్దగా చేరదు, కాబట్టి ఆ టానిక్ డబ్బులు దండగ. కిలోమూడొందలతో పుట్టిన పిల్ల వారానికి రెండింతలవుతుంది, మూడు వారాలకు ఐదు కిలోలు దాటుతుంది. ఒళ్లు పెరిగినంత వేగంగా రక్తమూ పెరగాలి, ఆ రక్తానికి ఇనుము కావాలి. పైనుంచి ఇవ్వకపోతే తెచ్చుకున్న నిల్వ వారం, పది రోజుల్లో అడుగంటుతుంది.

ఊళ్లో తిరిగే నాటు పందులకు ఈ సూదులెవరు వేశారని అడుగుతారు. వాటి పిల్లలు పుట్టిన దగ్గర్నుంచీ మట్టి కెలుకుతాయి, ఇనుము మట్టిలో దొరుకుతుంది. షెడ్డులో సిమెంటు గచ్చు మీద పెరిగే పిల్లకి ఆ దారి లేదు. బోనులో రోజూ ఎర్రమట్టి వేసే పద్ధతి పాతదే, కొంత పనిచేస్తుంది కూడా. కానీ ఏ పిల్ల ఎంత తిన్నదో తెలియదు, పందులు తిరిగిన చోటి మట్టయితే దాంతో పాటు నులిపురుగుల గుడ్లూ వస్తాయి.

ఇక సీసా సంగతి. ఈ మందు మిల్లీలీటరుకి 50, 100, 200 మిల్లీగ్రాముల బలాల్లో తయారవుతుంది. 200 బలమైతే పిల్లకి ఒక మి.లీ. చాలు. ఆ "ఒక ఎమ్మెల్" మాట అక్కడిదే, బలం చూడకుండా అన్ని సీసాలకూ అంటించేశారు. 100 అయితే 2 మి.లీ., మెడకు ఆ పక్క ఒకటి, ఈ పక్క ఒకటి. 50 బలంతో 200 ఇవ్వాలంటే 4 మి.లీ. పడుతుంది. మూడు రోజుల పిల్ల మెడలో అంత పట్టదు, ఎక్కించినా బయటికి కారిపోతుంది. చేతిలో 50 బలమే ఉంటే దారి ఒక్కటే: మూడో రోజు రెండు పక్కలా ఒక్కో మి.లీ. చొప్పున 100 మిల్లీగ్రాములు, మళ్లీ పది, పద్నాలుగు రోజులప్పుడు ఇంకో 100. ఆ రెండోది మర్చిపోతే సగం సూదే వేసినట్టు. నేను ఆ షాపు వదిలి ఇంకోచోట 100 బలం తెచ్చాను. పది పిల్లలకి 20 మి.లీ., కారేదానికి కాస్త ఎక్కువ.

వేయడం పెద్ద విద్యేం కాదు. మందు చిక్కగా ఉంటుంది, సీసాని గుప్పిట్లో కాసేపు పట్టుకుంటే వెచ్చబడి సిరంజిలోకి తేలిగ్గా వస్తుంది. మందు తీయడానికి ఒక సూది, పొడవడానికి వేరే సూది. పొడిచే సూది సన్నగా, అర అంగుళం పొడవుంటే చాలు. చెవి వెనక మెడ పక్కన తుడిచి ఆరనివ్వాలి. తడి మీద, పేడ మీద పొడిస్తే చీము గడ్డ కడుతుంది. బొటనవేలితో చర్మాన్ని పక్కకు లాగి పట్టుకుని, సూదిని నిలువుగా దించి, నెమ్మదిగా ఎక్కించి, రెండు మూడు క్షణాలు ఆగి తీసి, అప్పుడు చర్మం వదలాలి. చర్మం జరిగి కన్నం మూసుకుంటుంది. చర్మం లాగకుండా పొడిస్తే గోధుమరంగు చార మెడ మీద దిగుతుంది, ఎంత లోపలుందో ఎంత కారిందో చెప్పలేం. తొడలో మాత్రం వేయకండి. అక్కడ నరం దెబ్బతింటే కాలు కుంటుపడుతుంది, మాంసానికి మరక కూడా మిగులుతుంది. సూది పడిన పిల్ల వీపు మీద రంగు గీత గీసి పక్క గంపలో వేస్తే ఏదీ తప్పిపోదు, ఏదానికీ రెండుసార్లు పడదు.

షాపులో కలిసిన ఇంకో పెద్దమనిషి సలహా: "తెల్లబడ్డాక వేద్దువులే." ఇది షాపు కుర్రాడి మాటకన్నా ప్రమాదం. యార్క్‌షైర్ పిల్ల పుట్టుకే తెలుపు, పాలిపోయిందని గుర్తించేసరికి రెండు మూడు వారాలు గడుస్తాయి. చెవిని వెలుతురుకు ఎదురుగా పట్టి చూడండి, ఎర్రటి నరాలు కనిపించాలి. కంటి రెప్ప లోపల గులాబీ రంగుండాలి. ముదిరితే బొచ్చు గరుకుగా లేస్తుంది, కాస్త పరుగెత్తిస్తే ఆయాసంతో పక్కటెముకల కింద డొక్క ఎగిరెగిరి పడుతుంది, పారుడు పట్టుకుంటుంది. ముందు పోయేది బక్క పిల్ల అనుకుంటాం. తరచుగా పోయేది గుంపులో అన్నిటికన్నా బలిసిందే. వేగంగా పెరిగిందే ఇనుమును వేగంగా ఖర్చు పెట్టింది కాబట్టి. కోసి చూస్తే రక్తం నీళ్లలా ఉంటుంది, గుండె ఉబ్బి ఉంటుంది. అనుమానముంటే డాక్టరుగారి చేత హిమోగ్లోబిన్ చూపించండి. 11 పైన ఉంటే బాగున్నట్టు, 9 కంటే తక్కువైతే రక్తహీనత.

తొందరపడి పుట్టిన రోజే పొడవడమూ వద్దు. ఆ రోజు అది జున్నుపాలు తాగి వెచ్చగా పడుకోవాలి. మూడో రోజు, మరీ కుదరకపోతే నాలుగో రోజు. ఎక్కువ వేస్తే ఎక్కువ మేలనీ కాదు. ఒంట్లో మిగిలిన ఇనుమును క్రిములు కూడా వాడుకుంటాయి.

ఒక్క విషయంలో మాత్రం భయపడాలి. తల్లికి మక్కిపోయిన తవుడు పెట్టిన చోట విటమిన్ ఇ, సెలీనియం తక్కువై ఉండొచ్చు. అలాంటి తల్లి పిల్లలకు ఇదే మోతాదు విషమవుతుంది. కొన్ని గంటల్లోనే వాంతి చేసుకుని, లేవలేక పడిపోయి చనిపోతాయి. అనుమానముంటే ముందు ఒకటి రెండు పిల్లలకే వేసి మర్నాటి దాకా ఆగండి. తేడా వస్తే మిగతావాటికి ఆపేసి డాక్టరుకు ఫోన్ చేయండి.

మందు కొనేటప్పుడు బిల్లు మీద పేరుతో పాటు మిల్లీలీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో కూడా రాయించుకోండి. మా షెడ్డులో ఇప్పుడు సీసా మూత మీదే పెద్ద అంకెలతో 100 అని రాసి పెట్టాను. పనివాడు ఎవడు వేసినా పిల్లకి రెండు, పక్కకొకటి.